వంగిన మోకాలు, వదులైన పిక్క

కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు లంబకోణంలో వంగి ఉండాలి. ఒక మోచేతిని మోకాలి మీద ఆనించి కొంచెం బరువు వేయండి. రెండో చేతి బొటనవేలితో పిక్క బాగా పొంగిన చోట నొక్కి పట్టుకుని, మునివేళ్ల మీద మడమ పైకెత్తండి. వేలి కింద కండ కాస్త కదులుతుంది కానీ దాదాపు మెత్తగానే ఉంటుంది. ఇప్పుడు వేలిని నాలుగు అంగుళాలు కిందికి, పిక్క సన్నబడే చోట ఒక పక్కకు జరిపి మళ్లీ మడమ ఎత్తండి. ఈసారి వేలి కింద ఏదో బిగుసుకుంటుంది. ఇక లేచి నిలబడి, మోకాలు నిటారుగా ఉంచి, మునివేళ్ల మీద లేచి మొదటి చోటే తాకి చూడండి. ఇందాక మెత్తగా ఉన్న పిక్క ఇప్పుడు చెక్కలా గట్టిపడి ఉంటుంది.

కదిలిన కీలు మూడుసార్లూ ఒకటే, అది చీలమండ. జరిగిన పని కూడా ఒకటే, మడమ లేవడం. అసలు మారింది మోకాలి కోణం. ఆ మార్పుతో పని ఒక కండరం చేతిలోంచి జారి మరో కండరం మీద పడిందని జిమ్‌లో అందరూ చెబుతారు. నిలబడి చేసే కాఫ్ రైజ్ గాస్ట్రాక్నీమియస్‌కు, కూర్చుని చేసేది సోలియస్‌కు అని ట్రైనర్లు విడదీస్తారు. ఈ మాటలో నిజం ఉంది. కానీ "పని మారడం" అంటే ఏమిటో విప్పి చూస్తే అది మనం అనుకున్న నిజం కాదు. ఈ రెండు కండరాలనూ పక్కపక్కన పెట్టి చదవాలనిపించింది అందుకే.

మొదటిది అందరికీ తెలిసిందే. తెలుగులో పిక్క అంటే మన కళ్ల ముందు మెదిలేది గాస్ట్రాక్నీమియస్సే. పరిగెత్తి తప్పించుకున్నవాడు పిక్కబలం చూపించాడని అంటాం. కబడ్డీ ఆటగాడు కూతకు వెళ్లే ముందు ముందుకు వంగి నిలబడితే కాలి వెనక రెండు గుబ్బలుగా తేలేదీ అదే. గ్రీకులో ఆ పేరుకు 'కాలి పొట్ట' అని అర్థం. ఆ పొట్టకు రెండు పాయలు, లోపలి వైపుది పెద్దది, బయటి వైపుది చిన్నది. ఈ వ్యాసమంతా ఆధారపడే విషయం ఏమిటంటే ఆ రెండు పాయలూ మోకాలి కింద మొదలవవు. తొడ ఎముక చివరన, మోకాలికి పైన, వెనక వైపు ఉన్న రెండు గుండ్రటి ఉబ్బుల దగ్గర పుట్టి, మోకాలిని దాటి, పిక్కలోకి దిగి, మళ్లీ చీలమండను దాటి మడమకు చేరతాయి. అంటే ఈ కండరం రెండు కీళ్ల మీదుగా పోతుంది.

రెండోది అద్దంలో కనిపించదు. గాస్ట్రాక్నీమియస్‌ను పక్కకు తొలగిస్తే దాని కింద వెడల్పుగా, చదునుగా పరుచుకుని ఉంటుంది. లాటిన్‌లో చెప్పుకు ఉన్న పేరు నుంచి దీనికి సోలియస్ అనే పేరు వచ్చింది. రూపం చూస్తే ఆ పేరు సరిపోతుంది, చెప్పు అడుగులాగే పలచగా, పొడవుగా ఉంటుంది. ఇది మోకాలిని తాకనే తాకదు. మోకాలి కింద ఉన్న రెండు ఎముకల వెనక భాగం నుంచి పుట్టి నేరుగా మడమకు దిగుతుంది. గాస్ట్రాక్నీమియస్‌కు రెండు కీళ్లు ఉండగా, సోలియస్‌కు ఒక్క చీలమండే లోకం.

ఇంత దూరంగా పుట్టినా, చివరికి ఇద్దరి ఆస్తీ ఒకటే. కింద రెండూ కలిసి అకిలిస్ స్నాయువు అవుతాయి, అంటే మడమ వెనక చేత్తో పట్టుకుంటే దొరికే ఆ గట్టి తాడు. ఈ ఉమ్మడి తాడు దగ్గర ఎవరు ఎంత లాగారో మడమకు తెలియదు, వచ్చిన మొత్తం బలం మాత్రమే తెలుస్తుంది. అలాగే, తాడు ఒకటే కాబట్టి ఒకరు పట్టు వదిలితే మరొకరు అందుకోగలరు. ఈ బంధుత్వం లేకపోతే "పని మారడం" అనే ప్రశ్నే పుట్టేది కాదు.

ఇప్పుడు మోకాలు వంచుదాం. గాస్ట్రాక్నీమియస్ రెండు కొసలూ ఏమవుతాయో చూడాలి. బావిలో చేద వేసేటప్పుడు గిలక మీదుగా తాడు బిగువుగా ఉంటుంది. గిలకను బావి వైపు వంచితే తాడు వదులవుతుంది. మోకాలి వెనక ఈ కండరం మోకాలి ఇరుసు నుంచి సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో పోతుంది. మోకాలు నిటారు నుంచి లంబకోణానికి వంగితే ఆ లెక్కన కండరం పై కొస, మడమకు సుమారు 3 సెంటీమీటర్లు దగ్గరవుతుంది. 3 సెంటీమీటర్లు పెద్ద విషయంలా అనిపించకపోవచ్చు. కానీ గాస్ట్రాక్నీమియస్ కండపోగుల పొడవు సగటున 5, 6 సెంటీమీటర్లే. పైనుంచి కింది దాకా కనిపించే పొడవంతా పోగులది కాదు, అందులో చాలా భాగం స్నాయువుది. 5 సెంటీమీటర్ల పోగుకు 3 సెంటీమీటర్ల వదులు ఇస్తే అది తట్టుకోవడం కష్టం. పైగా మడమ ఎత్తినప్పుడు కింది కొస కూడా పైకి వస్తుంది. చీలమండ దగ్గర తాడు ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కనుక, మడమ పూర్తిగా లేచేసరికి మరో 3 సెంటీమీటర్లు తగ్గుతాయి. కొంత స్నాయువు సాగుడులో, కొంత పోగుల ఏటవాలు అమరికలో సర్దుకుంటుంది. అయినా చివర పోగులు తమకు నప్పని కురచదనంలో పడతాయి.

కురచదనం ఎందుకు నప్పదో ఒక్క మాటలో చెప్పలేం. కండపోగు లోపల అతి సన్నని రెండు రకాల దారాలు ఒకదానిలోకి ఒకటి జారుతూ బలం పుట్టిస్తాయి. రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి లాగడం లాంటిది. మధ్యస్థంగా దూర్చినప్పుడు పట్టు బాగుంటుంది. మొదళ్ల దాకా దూర్చేస్తే ఇక లాగడానికి జాగా ఉండదు. ఒక్కొక్క పోగుకు ఇలాగే ఒక మంచి పొడవు ఉంటుందని, అంతకంటే కురచైనా, మరీ సాగినా బలం తగ్గుతుందని గోర్డన్, హక్స్‌లీ, జూలియన్ 1966లో కప్ప కండపోగుల మీద కొలిచి చూపించారు. మోకాలు వంచి మడమ ఎత్తిన స్థితిలో గాస్ట్రాక్నీమియస్ ఆ పొడవు, బలాల గ్రాఫులో ఎడమ కొసకు, కురచైన వైపుకు జారుతుంది. రెండు కీళ్ల కండరాలన్నిటికీ ఉన్న ఇబ్బంది ఇదే. రెండు కీళ్లనూ ఒకేసారి అది లాగే దిశలోనే కదిపితే, లాగడానికి తనకే పొడవు మిగలదు.

సోలియస్ సంగతి వేరు. మోకాలు నిటారుగా ఉన్నా, వంగినా దాని పై కొస కదలదు, ఎందుకంటే అది మోకాలి కిందనే పుట్టింది. మడమ లేస్తే కింది కొస కదులుతుంది, అంతే. కాబట్టి కూర్చున్నా నిలబడినా సోలియస్ పొడవు మడమ ఎత్తు మీదే ఆధారపడుతుంది. గాస్ట్రాక్నీమియస్ మోకాలి మాట వింటుంది, సోలియస్ వినదు. రెండూ చీలమండకు విధేయులే, మోకాలి దగ్గరే దారులు విడిపోతాయి.

ఇక్కడ ఇంకొకటి కలుస్తుంది. పొడవు తగ్గితే బలం తగ్గడం ఒక వంతు. మెదడు కూడా తన వంతు పొదుపు చేస్తుంది. పిక్క మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండరంలో నడిచే విద్యుత్తును కొలిస్తే, మోకాలు వంచేకొద్దీ గాస్ట్రాక్నీమియస్ నుంచి వచ్చే సంకేతం తగ్గుతుంది, సోలియస్ సంకేతం దాదాపు అలాగే ఉంటుంది. క్రెస్‌వెల్, లోషర్, థార్‌స్టెన్‌సన్ 1995లో ఈ మాటే ప్రకటించారు. వదులైన కండరానికి ఎంత ఆజ్ఞ పంపినా ఉపయోగం తక్కువ కనుక శరీరం ఆజ్ఞే తగ్గించినట్టు కనిపిస్తుంది. "పని మారింది" అన్న మాట బలానికే కాదు, ఆజ్ఞకు కూడా వర్తిస్తుంది.

ఇప్పుడు నాకు అసలు ఆసక్తి కలిగించే ప్రశ్న. ఒకరి వాటా తగ్గితే మరొకరి పని పెరిగినట్టేనా? వాటా వేరు, పని వేరు. ఉమ్మడి పొలంలో అన్న వెళ్లిపోతే తమ్ముడి వాటా మొత్తమవుతుంది, కానీ ఆ రోజు అతను దున్నిన చాళ్లు ఎక్కువని కాదు.

ముందు ఇద్దరి పరిమాణం చూద్దాం. కండరం ఎంత బలంగా లాగగలదన్నది పొడవు మీద కాక అడ్డకోత వెడల్పు మీద, అంటే పక్కపక్కన ఎన్ని పోగులు ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. శవాల మీద జరిగిన కొలతల్లో సోలియస్‌కు ఈ వెడల్పు సుమారు 50 చదరపు సెంటీమీటర్లు, గాస్ట్రాక్నీమియస్ లోపలి పాయకు 20 పైచిలుకు, బయటి పాయకు 10 దాకా వచ్చాయి. అంటే ఉమ్మడి తాడులో సోలియస్ వాటా నిటారు మోకాలితోనే దాదాపు మూడింట రెండు వంతులు. పైకి పొంగి కనిపించే పిక్కలు ఆ మిగిలిన మూడో వంతుకు చెందినవి. నా దృష్టిలో ఈ లెక్క తెలియకుండా రెండు వ్యాయామాలనూ పోల్చడం వృథా. నిలబడి చేసే కాఫ్ రైజ్ "గాస్ట్రాక్నీమియస్ వ్యాయామం" కాదు. అది ఇద్దరి వ్యాయామం, అందులోనూ సోలియస్‌దే పెద్ద చేయి.

తాడు మీద పడే బరువు కూడా చూద్దాం. 70 కిలోల మనిషి ఒంటి కాలి మునివేళ్ల మీద లేచాడనుకోండి. నేల పాదాన్ని ఒత్తేది వేళ్ల మొదళ్ల దగ్గర, అది చీలమండకు సుమారు 14 సెంటీమీటర్లు ముందు. తాడు 5 సెంటీమీటర్లు వెనక. తూకం సరిపోవాలంటే తాడు 70ని 14తో గుణించి 5తో భాగించినంత, అంటే సుమారు 196 కిలోల బలంతో లాగాలి. శరీర బరువుకు దాదాపు మూడింతలు. రెండు కాళ్ల మీద లేస్తే ఒక్కో తాడుకు 98. ఇక సీటెడ్ కాఫ్ మెషీన్‌లో రెండు మోకాళ్ల మీద 50 కిలోలు ఉంటే కాలికి 25, తాడుకు 70. కాబట్టి కూర్చుని 50 కిలోలు ఎత్తడం కంటే ఒంటి కాలి మీద ఉత్తగా లేవడమే సోలియస్‌కు బరువు కావచ్చు, మొత్తం బలంలో మూడింట రెండు వంతులే తన వాటా అయినా. కూర్చుని చేసేటప్పుడు వాటా పెరుగుతుంది, మొత్తం మాత్రం చాలాసార్లు తగ్గుతుంది. రెంటినీ గుణిస్తేనే అసలు పని తెలుస్తుంది.

2023లో జపాన్ పరిశోధకులు ఈ ప్రశ్నను పెద్ద జాగ్రత్తతో అడిగారు. అంతకుముందు శిక్షణ లేని 14 మందిని తీసుకుని, ఒక్కొక్కరి ఒక కాలికి నిలబడి చేసే కాఫ్ రైజ్, మరో కాలికి కూర్చుని చేసేది ఇచ్చారు. వారానికి రెండు రోజులు, రోజుకు అయిదు సెట్లు, సెట్టుకు 10 సార్లు, ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 70 శాతంతో, 12 వారాలు. ఒకే మనిషి రెండు కాళ్లను పోల్చడం వల్ల తిండి, నిద్ర, వంశం లాంటివి లెక్కలోంచి తప్పుకున్నాయి. తర్వాత ఎమ్మారై స్కాన్లతో కండరాల ఘనపరిమాణం కొలిచారు. నిటారు మోకాలి వైపు గాస్ట్రాక్నీమియస్ బయటి పాయ 12.4 శాతం, లోపలి పాయ 9.2 శాతం పెరిగాయి. వంగిన మోకాలి వైపు అవే 1.7, 0.6 శాతం దగ్గర ఆగిపోయాయి. ఇంతవరకూ ట్రైనర్లు చెప్పినదే. సోలియస్ మాత్రం నిలబడిన కాలిలో 2.1 శాతం, కూర్చున్న కాలిలో 2.9 శాతం పెరిగింది. తేడా చెప్పుకోదగ్గది కాదు.

నా తీర్పు దీని మీదే నిలబడుతుంది. మోకాలు వంచడం సోలియస్‌కు కొత్తగా ఏదీ పెట్టదు. గాస్ట్రాక్నీమియస్ నుంచి పని తీసేస్తుంది. సోలియస్ రెండు చోట్లా దాదాపు ఒకే స్థాయిలో పాటుపడుతుంది. కూర్చుని చేస్తేనే సోలియస్ పెరుగుతుందని నమ్మి నిలబడి చేయడం మానేసిన వాళ్లు, పోగొట్టుకున్నది గాస్ట్రాక్నీమియస్ మాత్రమే, సంపాదించుకున్నది పెద్దగా ఏమీ లేదు. అలాగని కూర్చుని చేయడం వ్యర్థమని నేను అనను. ఒకరిని పక్కన పెట్టి మరొకరిని ఒంటరిగా చూడాల్సిన సందర్భాలున్నాయి, వాటి దగ్గరకు వస్తాను.

ముందు ఇద్దరి స్వభావం గురించి కొంచెం చెప్పాలి. సోలియస్ పోగుల్లో ఎక్కువ భాగం, సుమారు 80 శాతం, నెమ్మదిగా ముడుచుకునే రకం. అవి త్వరగా అలసిపోవు. గాస్ట్రాక్నీమియస్‌లో ఈ రకం సగం చుట్టూ ఉంటుంది, మిగతావి వేగం పోగులు. మనం ఊరికే నిలబడినప్పుడు శరీర బరువు గీత చీలమండకు కొంచెం ముందుగా పడుతుంది. ముందుకు పడిపోకుండా ఎవరో ఒకరు వెనక నుంచి సన్నగా లాగి పట్టుకోవాలి. పెళ్లిలో వడ్డనకు గంటల తరబడి నిలబడినవాళ్లను, రేషన్ వరసలో నిలబడినవాళ్లను, ఎవరినైనా అలా పట్టుకుని ఉంచేది ముఖ్యంగా సోలియస్.

మా అమ్మ కుట్టు మిషన్ నాకు ఇక్కడ గుర్తొస్తుంది. కాలితో తొక్కే మిషన్. స్టూలు మీద కూర్చుంటే మోకాళ్లు లంబకోణానికి కొంచెం అటూ ఇటూ వంగేవి. పాదాలు పెడలు మీద పెట్టి ముందు వేళ్లతో, తర్వాత మడమతో, మళ్లీ వేళ్లతో ఒత్తుతూ చక్రం తిప్పేది. పండగ ముందు రోజుల్లో రోజంతా ఆ పని సాగేది. జాకెట్టు గుడ్డ సూది కింద జరుగుతుంటే కింద పాదం లయ తప్పేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే అది సీటెడ్ కాఫ్ రైజ్‌కు అతి తేలికైన రూపం. మోకాలు వంగి ఉంది కనుక గాస్ట్రాక్నీమియస్ పక్కకు తప్పుకుంది, బరువు తక్కువ కనుక నెమ్మది పోగులే చాలు. అందుకే అమ్మ పిక్కలు పొంగి ఉండేవి కావు, కానీ కాలు అలసిపోయిందన్న మాట నేను విన్నది తక్కువ.

దీనికి ఎదురుగా వాలీబాల్ కోర్టులో నెట్ దగ్గర ఎగిరే కుర్రాడిని పెట్టండి. గాస్ట్రాక్నీమియస్ రెండు కీళ్లను దాటడం ఇప్పటిదాకా మనం లోపంలా చూశాం. ఎగిరేటప్పుడు అదే గుణమవుతుంది. కిందికి వంగి పైకి లేచే క్షణంలో తొడ ముందరి పెద్ద కండరాలు మోకాలిని నిటారు చేస్తాయి. మోకాలు సాగుతూ ఉంటే గాస్ట్రాక్నీమియస్ పై కొస పైకి లాగబడుతుంది. ఆ సమయంలోనే చీలమండ కిందికి తన్నుతుంది, కింది కొస పైకి రావాలనుకుంటుంది. రెండూ కలిసి పోగు పెద్దగా కురచబడకుండా, బలం బాగా ఇచ్చే పొడవులోనే ఉంటుంది. తొడ పుట్టించిన శక్తిలో కొంత ఈ పట్టీ ద్వారా మడమకు చేరుతుంది. సోలియస్‌కు ఆ వరం లేదు, మోకాలితో దానికి చుట్టరికం లేదు కనుక. సోలియస్ మాత్రం తన వెడల్పు, తన ఓర్పు పెట్టుబడిగా పెడుతుంది. ఎవరు గొప్ప అని అడిగితే నేను జవాబు చెప్పను. మెట్లెక్కి తిరుమల చేరిన కాలికి ఇద్దరూ కావలసినవారే.

ఇక ఒకరిని ఒంటరిగా చూడాల్సిన సందర్భాల దగ్గరకు వద్దాం. మోకాలు వంచి వదులు చేయడం అనే ఈ చిన్న కిటుకు వ్యాయామం కంటే ముందు వైద్యంలో పరీక్షగా ప్రసిద్ధి పొందింది. స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు నిల్స్ సిల్ఫ్వెర్‌షోల్డ్ పేరు మీద ఒక పరీక్ష ఉంది. ఆయన 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ జట్టులో స్వర్ణం గెలిచినవాడు కూడా. రోగి మోకాలు నిటారుగా ఉంచి పాదాన్ని పైకి, ముంగాలి వైపు వంచుతారు. తర్వాత మోకాలు వంచి అదే పని చేస్తారు. నిటారుగా ఉన్నప్పుడు పాదం పైకి రాక, వంచగానే వస్తే బిగుసుకున్నది గాస్ట్రాక్నీమియస్. రెండు స్థితుల్లోనూ రాకపోతే సోలియస్ లేదా స్నాయువు, లేదంటే కీలే బిగుసుకుని ఉండవచ్చు. మోకాలి వంపు అక్కడ ఒక కండరాన్ని తెర వెనక్కి పంపి మరో దాన్ని మాట్లాడించింది.

నొప్పి విషయంలోనూ ఇదే పాఠం పనికొస్తుంది. మా కాలనీలో రోజూ షటిల్ ఆడే నలభై దాటిన మిత్రుడికి ఎడమ పిక్కలో లోతుగా నొప్పి మొదలైంది. నిటారు మోకాలితో ఒంటి కాలి మీద గోడ పట్టుకుని లేస్తే 20 దాటి చేయగలిగాడు, కుడి కాలితో సమానమే. ఫిజియోథెరపిస్ట్ మోకాలు బాగా వంచి చేయించేసరికి ఎడమ వైపు 10 లోపే ఆగిపోయాడు, నొప్పి తెలిసింది. కుడి వైపు ఇబ్బంది లేదు. చెయ్యి పెట్టి చూస్తే పిక్క సన్నబడే చోట, లోపలి వైపు, లోతులో నొప్పి. నిటారు పరీక్షలో ఇద్దరు పనివాళ్లు ఉన్నారు కనుక ఒకరి లోటు దాగింది. వంచితే తోడు తగ్గింది, లోటు బయటపడింది. ఇది స్కాన్‌కు బదులు కాదు, అనుమానాన్ని ఒక వైపు మళ్లించే ఆధారం. అయితే కాలు వాచి, వేడిగా, ఎర్రగా ఉండి ఊరికే నొప్పి వస్తుంటే సోలియస్ సంగతి పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సోలియస్ లోపల నెత్తురు నిలిచే పెద్ద సిరలున్నాయి, అక్కడ గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది.

స్నాయువు మధ్య భాగం నొప్పికి స్వీడన్‌కే చెందిన హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రకటించిన పద్ధతిలోనూ ఇద్దరికీ చోటుంది. మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా మెట్టు కింద వరకు దించడం. 15 సార్లు చొప్పున మూడు సెట్లు మోకాలు నిటారుగా, మరో మూడు సెట్లు వంచి, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. రోజుకు 180 సార్లు. స్నాయువు ఉమ్మడిది కనుక, రెండు కండరాల వైపు నుంచీ దానికి బరువు అందాలని ఈ ఏర్పాటు.

ఇప్పుడు ఇంట్లో, జిమ్‌లో ఇది ఎక్కడ తప్పుతుందో చూద్దాం. సాధారణంగా తప్పేది వంపు దగ్గరే. నిలబడి మోకాలు ఇరవై, ముప్పై డిగ్రీలు వంచి "సోలియస్ చేస్తున్నాను" అనుకుంటారు. ఆ కొద్ది వంపుకు కండరం వదులయ్యేది సెంటీమీటరు మించదు, గాస్ట్రాక్నీమియస్ ఇంకా చక్కగా పని చేస్తుంది. పైగా అలసట పెరిగేకొద్దీ మోకాలు తనకు తెలియకుండా నిటారు అవుతుంది, ప్రతి సారీ కొంచెం కొంచెంగా. అద్దానికి పక్కకు తిరిగి నిలబడితే తెలిసిపోతుంది, లేదా ముందు గోడకు మోకాలు తాకించి ఉంచి, తాకడం తప్పిన చోట ఆపేయాలి. భరతనాట్యంలో అరమండిలో కూర్చుని మడమలెత్తి మళ్లీ కొట్టే అడవుల్లో కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. కాళ్లు అలసిన పిల్ల మండి పైకి లేచిపోతుంది. గురువు "కూర్చో" అని అరిచేది అందం కోసమే అయినా, ఆ మాటతో ఏ కండరానికి ఎంత పని పడుతుందో కూడా మారుతుంది.

మెషీన్ మీద కూర్చుంటే వంపు ఖాయం, కానీ పాదం ముందుకు జారితే మోకాలు తెరుచుకుంటుంది. ముంగాలు నిలువుగా ఉండేలా పాదం పెట్టుకోవాలి. మెత్త తొడ మధ్యలో కాక మోకాలికి కొంచెం పైన ఆనాలి, లేకపోతే తొడ ఎముకే మీటలా మారి బరువు లెక్క తప్పుతుంది. మరో తప్పు ఊగడం. అకిలిస్ స్నాయువు గట్టి రబ్బరులాంటిది. కింద ఒక్క క్షణం కూడా ఆగకుండా ఎగిరితే సాగిన తాడు తిరిగి ముడుచుకుంటూ మడమను తనే లేపుతుంది, కండరం దాని కింద కూర్చుని చూస్తుంది. కింద రెండు క్షణాలు ఆగితే ఆ ఊపు చచ్చిపోతుంది, తర్వాత పైకి వచ్చేది కండరం చేసిన పనే. పైన కూడా ఒక క్షణం ఆగాలి. మడమ అక్కడికి పూర్తిగా వచ్చిందా అన్నది అద్దంలో కాక, అరికాలి ముందు భాగంలో బొటనవేలి మొదలు మీద బరువు నిలిచిందా అని చూసుకుంటే తెలుస్తుంది. చిన్న వేలి వైపు దొర్లిపోతే పని వేరే కండరాల మీదికి జారిపోతుంది.

కూర్చుని చేసేటప్పుడు గాస్ట్రాక్నీమియస్ పూర్తిగా నోరు మూసుకుంటుందని ఎవరూ అనుకోవద్దు. మడమ బాగా కిందికి దిగి పాదం పైకి వంగిన చోట, కింది కొస దూరమవుతుంది కనుక మోకాలి వదులు కొంత తిరిగి బిగుస్తుంది. అక్కడ గాస్ట్రాక్నీమియస్ మళ్లీ కొంచెం అందుకుంటుంది. మడమ పైకి లేచేకొద్దీ తప్పుకుంటుంది. అందుకే ఒకే సెట్టులో, ఒకే మోకాలి కోణంలో కూడా, కింద ఒక పంపకం, పైన మరో పంపకం ఉంటాయి. కుర్చీలో కూర్చుని, ఆ మొదటి చోట బొటనవేలు పెట్టి, ఈసారి పాదం ముందు భాగం ఒక లావు పుస్తకం మీద ఉంచి మడమ నేలకు దించి మళ్లీ ఎత్తండి. మడమ కిందున్నప్పుడు వేలి కింద సన్నని బిగువు తెలుస్తుంది. సగం ఎత్తు దాటేసరికి అది వేలి కిందే కరిగిపోతుంది.